బూడిద 30 శాతం, గ్లాస్ మాత్రం 24

మౌల్డింగ్ షాపులో నాణ్యత చూసేవాళ్లకు ఎప్పుడో ఒకసారి ఈ పరిస్థితి ఎదురవుతుంది. 30 శాతం గ్లాస్ ఫైబర్ కలిపిన నల్ల నైలాన్ 6 అని బస్తా మీద ఉంటుంది. మఫిల్ ఫర్నేస్‌లో 600 డిగ్రీల దగ్గర కాలిస్తే బూడిద సరిగ్గా 30 శాతం వస్తుంది. సాంద్రత కూడా డేటాషీటుతో కలుస్తుంది. అయినా బ్రాకెట్లు బోల్టు బిగించే దగ్గర విరుగుతుంటాయి. సరఫరాదారు బూడిద రిపోర్టు చూపిస్తాడు, మీరు విరిగిన ముక్కలు చూపిస్తారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది నిజమే.

ఇలాంటి తగాదాను తేల్చగలిగేది థర్మోగ్రావిమెట్రిక్ కర్వ్. ల్యాబుల్లో దీన్ని టీజీఏ అంటారు. చిన్న ముక్కను అతి సున్నితమైన త్రాసుకు వేలాడదీసి, వేడి చేస్తూ, బరువు ఎప్పుడు ఎంత తగ్గిందో గీసే గీత అది. జపాన్ శాస్త్రవేత్త కొటారో హోండా 1915లో ఇలాంటి త్రాసు తయారుచేసి దానికి థర్మోబ్యాలెన్స్ అని పేరు పెట్టాడు. యంత్రం మారింది గానీ చేసే పని మారలేదు. కొలిచేది బరువొక్కటే, పోయింది నీరా పాలిమరా అన్నది యంత్రం చెప్పదు. ఆ పేరు పెట్టాల్సింది చదివే మనిషే. ఈ అధ్యాయంలో అలాంటి ఒక నల్ల నైలాన్ కర్వ్‌ను మొదటి నుంచి చివరిదాకా చదువుదాం. లెక్కలు చేసి చూడటానికి వీలుగా అంకెలు నేనే అమర్చాను, అవి ఏ కంపెనీ మాలువీ కావు.

ముందు ప్రోగ్రామ్ చూడండి

కర్వ్ చేతికి రాగానే మెట్ల మీదికి కాకుండా కాగితం పైభాగానికి వెళ్లండి. ఏ వాయువులో వేడి చేశారు, నిమిషానికి ఎన్ని డిగ్రీల చొప్పున పెంచారు, ముక్క బరువెంత, వాయువు ఎక్కడ మార్చారు అన్న నాలుగు వివరాలు అక్కడ లేకపోతే కింది గీతకు అర్థం లేదు.

మన నమూనా 12.00 మిల్లీగ్రాములు. అల్యూమినా పాన్‌లో, నైట్రోజన్ ప్రవాహంలో, నిమిషానికి 20 డిగ్రీల చొప్పున 850 డిగ్రీల వరకు తీసుకెళ్లారు. అక్కడ ఉష్ణోగ్రతను నిలిపి, నైట్రోజన్ ఆపి గాలి వదిలారు. బరువు తగ్గడం ఆగేదాకా అలాగే ఉంచారు. పాన్ ప్లాటినంది కాకుండా అల్యూమినాది కావడానికి కారణం ఉంది. గ్లాస్ ఫైబర్ 850 దగ్గర మెత్తబడి అంటుకుంటుంది, ప్లాటినం పాన్ పాడైతే ఖర్చు తక్కువేమీ కాదు.

చాలా ల్యాబులు 600 దగ్గరే గాలికి మారుస్తాయి. సాదా గ్లాస్ నైలాన్‌కు అది చాలు. ఏం కలిపారో అనుమానం ఉన్న మాలుకు మాత్రం చాలదు. కార్బన్ బ్లాక్ గాలిలో కాలే వేడి, కాల్షియం కార్బొనేట్ విడిపోయే వేడి రెండూ 600 నుంచి 700 ప్రాంతంలోనే ఉంటాయి. అక్కడ గాలి వదిలితే రెండు మెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఒకటే మెట్టులా కనబడతాయి. అందుకే కార్బొనేట్ పని నైట్రోజన్‌లోనే ముగిసేదాకా ఆగి, తర్వాత గాలి ఇచ్చారు.

కర్వ్‌తో పాటు దాని వాలును గీసిన రెండో గీతను కూడా అడగండి. దాన్ని డీటీజీ అంటారు. బరువు వేగంగా పడే చోట అందులో శిఖరం వస్తుంది, నెమ్మదించిన చోట లోయ వస్తుంది. మెట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో లోయలను బట్టి నిర్ణయించాలి. అన్ని నమూనాలకూ 200, 550 అని గుండుగుత్తగా గీతలు కొట్టే రిపోర్టును నేను నమ్మను. నమూనా మారితే లోయలు జరుగుతాయి.

మొదటి మెట్టు: నీరు, నీరులా కనిపించేది

మన కర్వ్ గది ఉష్ణోగ్రత నుంచే మెల్లగా వంగుతూ, 200 డిగ్రీల దగ్గరున్న మొదటి లోయకు చేరేసరికి 98.5 శాతానికి వచ్చింది. అంటే 1.5 శాతం పోయింది. దాన్ని తేమ అని రాసేముందు అది నమ్మదగిన అంకెనా అని చూడాలి.

గ్లాస్ నీరు పీల్చదు, పీల్చేది నైలానే. నమూనాలో నైలాన్ సుమారు 68 శాతం ఉందని తర్వాత తేలుతుంది. 1.5ను 68తో భాగిస్తే నైలాన్ భాగంలో నీరు 2.2 శాతం అవుతుంది. ఏమీ కలపని నైలాన్ 6, 23 డిగ్రీల వేడిలో, 50 శాతం గాలి తేమలో చాలాకాలం ఉంటే దాదాపు రెండున్నర నుంచి మూడు శాతం నీరు పడుతుంది. కాబట్టి మన అంకె నమ్మదగిందే. బస్తా విప్పి చాలా రోజులు గాలికి వదిలేసిన మాలు ఇది. ఇదే చోట 6 శాతం కనబడి ఉంటే, నీరు కాక ఇంకేదో పోతోందని అనుమానించాల్సి వచ్చేది.

ఆ ఇంకేదో నైలాన్ 6లో తరచుగా కాప్రోలాక్టమ్. పాలిమర్‌గా మారకుండా మిగిలిన మోనోమర్ అది. 150 దాటాక బయటపడటం మొదలై 300 దాకా సాగుతుంది. లోయ స్పష్టంగా లేకుండా, 200 నుంచి 300 వరకు గీత నిలవకుండా జారుతూనే ఉంటే నీటి అంకెలో కాప్రోలాక్టమ్ కలిసిందని అనుకోవచ్చు. తేల్చుకోవాలంటే అదే మాలుకు కార్ల్ ఫిషర్ పరీక్ష చేయించాలి. అది నీటిని మాత్రమే లెక్కిస్తుంది.

ఈ మెట్టును మింగేసే దొంగలు మరో ఇద్దరున్నారు. ఒకటి, పొడి నైట్రోజన్. ముక్కను పాన్‌లో వేసి, వేడి మొదలుపెట్టేముందు వాయువు ప్రవాహంలో అరగంట వదిలేస్తే నీటిలో కొంత లెక్కలోకి రాకుండానే పోతుంది. ఆటోశాంప్లర్ పళ్లెంలో మూత లేకుండా రాత్రంతా వరుసలో నిలబడ్డ నమూనాలది ఇంకా అన్యాయం. అవి గది తేమను బట్టి నీరు పోగొట్టుకోనూవచ్చు, పీల్చుకోనూవచ్చు. రెండోది తేలుడు బలం. చల్లని నైట్రోజన్ పాన్‌ను కొద్దిగా పైకి తేల్చి ఉంచుతుంది. వేడెక్కి వాయువు పలచబడితే ఆ ఆసరా తగ్గి, బరువు పెరిగినట్టు కనబడుతుంది. పెరుగుదల కొన్ని పదుల మైక్రోగ్రాములే. అయితే వాయువు సాంద్రత సగానికి పడిపోయేది మొదటి 300 డిగ్రీల్లోనే కాబట్టి ఆ దెబ్బ ఎక్కువగా నీటి మెట్టు మీదే పడుతుంది. మన నమూనాలో 1.5 శాతమంటే 0.18 మిల్లీగ్రాములు. తేలుడు బలం వల్ల 0.03 మిల్లీగ్రాముల తేడా వస్తే ఆరోవంతు తేమ కనబడకుండా పోతుంది. అందుకే ఖాళీ పాన్‌తో అదే ప్రోగ్రామ్ ఒకసారి నడిపి, ఆ గీతను తీసేశాకే అంకెలు చదవాలి.

మౌల్డింగ్‌కు ముందు నైలాన్ తేమ సాధారణంగా 0.2 శాతం లోపు ఉండాలంటారు. ఆ హద్దును టీజీఏతో పరీక్షించబోకండి. తేలుడు బలం ఒక్కటే అంతకు సరిపడా తప్పు చేస్తుంది. అది కార్ల్ ఫిషర్ పని. టీజీఏలో తేమ మెట్టుకు ఉన్న అసలు ప్రయోజనం వేరు. మిగతా భాగాలన్నింటినీ పొడి బరువు మీదికి మార్చుకోవడానికి అది కావాలి.

రెండో మెట్టు: పాలిమర్ వెళ్లిపోయే చోట

380 డిగ్రీలు దాటాక గీత నిట్టనిలువుగా పడుతుంది. డీటీజీ శిఖరం 450 దగ్గర ఉంది, 520కి అంతా సద్దుమణిగింది. 560 దగ్గర గీత అడ్డంగా నిలిచినప్పుడు మిగిలింది 31.1 శాతం. అంటే ఈ మెట్టులో 67.4 శాతం పోయింది.

నైట్రోజన్‌లో నైలాన్ 6 కాలదు, ముక్కలై ఆవిరవుతుంది. శిఖరం ఒక్కటే ఉండి, ఇరువైపులా నున్నగా దిగితే పాలిమర్ ఒకటే అని మొదటి అంచనాకు రావచ్చు. ఎడమవైపు 300 నుంచి 380 మధ్య చిన్న భుజం ఉంటే ఫ్లేమ్ రిటార్డెంటో, గట్టిదనం కోసం కలిపిన మరేదో ఉండవచ్చు. కుడివైపు 480 దగ్గర భుజం ఉంటే ఎవరో పాలీప్రొపిలీన్‌నో పాలీఎథిలీన్‌నో కలిపి ఉండవచ్చు. ఉండవచ్చు అనే అంటున్నాను. ఉష్ణోగ్రతను బట్టి పాలిమర్ పేరు చెప్పే సాహసం చేయకండి. నైలాన్ 6, నైలాన్ 66 రెండూ దాదాపు ఇదే చోట విడిపోతాయి, టీజీఏ వాటిని వేరు చేయలేదు. వాటిని విడదీసేది కరిగే ఉష్ణోగ్రత. ఒకటి 220 దగ్గర, రెండోది 260 దగ్గర కరుగుతుంది. అది డీఎస్‌సీలో చూడాలి.

ఈ మెట్టు దగ్గర నేను ఎక్కువసేపు చూసేది పడిపోయే గీతను కాదు, పడ్డాక వచ్చే చదునును. 540 నుంచి 600 వరకు గీత నిజంగా అడ్డంగా ఉందా? ఏటవాలుగా, ఆగకుండా కొద్దికొద్దిగా తగ్గుతుంటే నైట్రోజన్‌లోకి ఆక్సిజన్ చొరబడుతోందన్నమాట. ట్యూబు బిగింపు వదులై ఉంటుంది, లేదా ఫర్నేస్ మూశాక లోపలి గాలి పోయేదాకా ఆగి ఉండరు. ఆ ఆక్సిజన్ కార్బన్ బ్లాక్‌ను ముందుగానే కొరికేస్తుంది. అప్పుడు పాలిమర్ శాతం పెరుగుతుంది, కార్బన్ శాతం తగ్గుతుంది, మొత్తం మాత్రం 100కే కలుస్తుంది. మొత్తం కలిసినంత మాత్రాన ఏదీ రుజువైనట్టు కాదు.

ఈ మెట్టులో జరిగే మరో ప్రమాదం పొంగు. కరిగిన నైలాన్ బుడగలు కట్టి పాన్ అంచు దాటితే, కొంత మాలు బయటపడి బూడిద తగ్గుతుంది. గీత మధ్యలో చిన్న చిన్న కుదుపులు, పరీక్ష తర్వాత పాన్ బయటి గోడ మీద నల్ల మరక దీని ఆనవాళ్లు. ముక్కను 10, 12 మిల్లీగ్రాములకు పరిమితం చేస్తే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

మూడో మెట్టు: ఉండకూడని చోట

గ్లాస్ ఫైబర్ మాత్రమే ఉన్న నైలాన్‌లో 560 తర్వాత గీత 850 వరకు అడ్డంగా వెళ్లాలి. మన కర్వ్ 620 దగ్గర మళ్లీ వంగింది. 730 వచ్చేసరికి 31.1 కాస్తా 28.5 అయింది. 2.6 శాతం పోయింది, డీటీజీలో పొట్టిదైనా స్పష్టమైన శిఖరం వచ్చింది. నైట్రోజన్ ఇంకా ప్రవహిస్తూనే ఉంది, కాబట్టి ఏదీ కాలడం లేదు. గ్లాస్ ఈ వేడిలో బరువు కోల్పోదు.

ఇక్కడ జరిగింది పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో జరిగేదే. సున్నపురాయి వేడికి బొగ్గుపులుసు వాయువును వదిలి సున్నంగా మారుతుంది:

CaCO₃ → CaO + CO₂

100 భాగాల కార్బొనేట్‌లో 44 భాగాలు వాయువుగా పోతాయి, 56 భాగాల సున్నం మిగులుతుంది. పోయింది 2.6 కాబట్టి, మొదట ఉన్న కాల్షియం కార్బొనేట్ 2.6 × 100 ÷ 44, అంటే 5.9 శాతం. పాన్‌లో మిగిలిన సున్నం 3.3 శాతం.

ఉష్ణోగ్రత చూసి మాత్రమే కార్బొనేట్ అని తీర్పు ఇవ్వకండి. ఈ మెట్టు నమూనా బరువును బట్టి, వాయువు వేగాన్ని బట్టి, పాన్ మూతను బట్టి అటూఇటూ జరుగుతుంది, ఎందుకంటే వదిలిన వాయువు అక్కడే నిలిస్తే రాయి విడిపోవడానికి వెనకాడుతుంది. ఆ గుణాన్నే పరీక్షగా వాడుకోవచ్చు. రెండో ముక్కను నైట్రోజన్ బదులు కార్బన్ డయాక్సైడ్‌లో నడిపితే ఈ మెట్టు 900 డిగ్రీల వైపు జరిగిపోతుంది. అలా జరిగితే అది కార్బొనేటే. అంత సదుపాయం లేకపోతే తేలిక దారి ఉంది. మఫిల్‌లో 550 దగ్గర కొంచెం ఎక్కువ మాలు కాల్చి, ఆ బూడిద మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేయండి. బుసబుసమని నురగ వస్తే కార్బొనేట్ ఉన్నట్టే. 850 దగ్గర కాల్చిన బూడిదతో ఈ పని చేస్తే నురగ రాదు, అప్పటికే వాయువు పోయింది. ఆమ్లంలో కడిగాక మిగిలిన పోగులను సూక్ష్మదర్శినిలో చూస్తే గ్లాస్ సంగతి కూడా తేలిపోతుంది.

యంత్రం ఈ మెట్టును సరిగ్గా చూపుతోందా అని తెలుసుకోవడానికి కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్ నడపండి. అది మూడు మెట్లలో 12.3, 19.2, 30.1 శాతం కోల్పోతుంది. మూడో మెట్టు సరిగ్గా ఈ సున్నపురాయి విడిపోవడమే. మీ యంత్రం అక్కడ 30.1 చూపిస్తే, మన 2.6ను నమ్మవచ్చు.

గాలి వదిలాక

850 దగ్గర గాలి వదలగానే 28.5 నుంచి 27.4కు పడింది. ఈ 1.1 శాతాన్ని రిపోర్టులు కార్బన్ బ్లాక్ అని రాసేస్తాయి. అందులో నైలాన్ తానుగా మిగిల్చిన మసి కూడా ఉంటుంది. రంగు కలపని నైలాన్ 6ను ఇదే ప్రోగ్రామ్‌లో నడిపి, అది ఎంత మసి మిగిల్చిందో చూసి తీసేయాలి. మన ఉదాహరణలో ఆ వాటా 0.6 అనుకుంటే కార్బన్ బ్లాక్ 0.5 శాతం. నలుపు రంగు కోసం కలిపే మోతాదు సాధారణంగా ఆ పరిసరాల్లోనే ఉంటుంది.

మిగిలిన 27.4 శాతం బూడిద. అందులో సున్నం 3.3 తీసేస్తే గ్లాస్ 24.1. తేమ 1.5 ఉన్న మాలు కాబట్టి పొడి బరువు మీదికి మార్చడానికి 0.985తో భాగించాలి. గ్లాస్ 24.5 శాతం, కాల్షియం కార్బొనేట్ 6.0 శాతం. రెండూ కలిపితే 30.5.

మొదట్లో చెప్పిన తగాదా ఇప్పుడు విడిపోతుంది. 600 డిగ్రీల మఫిల్‌లో పాలిమర్, కార్బన్ పోతాయి, కార్బొనేట్ చాలావరకు విడిపోకుండా ఉండిపోతుంది. కాబట్టి గ్లాస్ 24.1, కార్బొనేట్ 5.9 కలిసి బూడిద 30.0గా తూగింది. ఇదే మాలును ఇంకో ల్యాబు 850 దగ్గర కాలిస్తే 27.4 వస్తుంది. ఒకే బస్తాకు రెండు రిపోర్టులు, రెండింటిలోనూ తూకం తప్పు లేదు. సాంద్రత పరీక్ష కూడా దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే గ్లాస్ సాంద్రత సుమారు 2.55, కాల్షియం కార్బొనేట్‌ది 2.7. ఆరు శాతం గ్లాస్ స్థానంలో ఆరు శాతం సున్నపురాయి పొడి పోస్తే సాంద్రత కదిలినా కదలనట్టే. బలం మాత్రం కదులుతుంది. పోగులు మోసే బరువును పొడి మోయలేదు.

వేరే ఫిల్లర్లకు ఈ లెక్క మారుతుంది. అల్యూమినియం హైడ్రాక్సైడ్ 200 దాటాక తన బరువులో దాదాపు 35 శాతం నీరుగా వదులుతుంది, తెలియకపోతే దాన్ని తేమ అనుకుంటారు. కేయోలిన్ బంకమట్టి నీరు వదిలేది 450 నుంచి 600 మధ్య, అంటే పాలిమర్ మెట్టు కింద దాక్కుంటుంది. అలాంటిచోట కర్వ్ ఒక్కటే చాలదు, బూడిదను వేరే పద్ధతిలో గుర్తుపట్టాలి.

ఒక్క ముక్కతో తీర్పు వద్దు

12 మిల్లీగ్రాములంటే ఒక గ్రాన్యూల్‌లో సగం కూడా కాకపోవచ్చు. పోగులు ప్రతి గ్రాన్యూల్‌లోనూ సమంగా ఉండవు. ఒకే బస్తా నుంచి తీసిన రెండు ముక్కల మధ్య గ్లాస్ ఒక శాతం అటూఇటూ కావడం వింత కాదు. కనీసం మూడు వేర్వేరు గ్రాన్యూల్స్ నుంచి ముక్కలు కోసి నడపండి. మౌల్డ్ చేసిన భాగం నుంచి తీస్తుంటే గేటు దగ్గర, చివర్లో, మధ్యలో తీయండి. మూడింటిలోనూ 620 నుంచి 730 మధ్య మెట్టు కనబడితే అది ఆ మాలు స్వభావం. ఒక్కదానిలోనే కనబడితే పాత మాలు బ్యారెల్‌లో మిగిలిపోయి కలిసిందేమో చూడాలి, సరఫరాదారు మీద పడేముందు.

ఇంకో చిన్న మాట. గ్లాస్ పోగుల మీద నైలాన్ పట్టుకోవడానికి పూసే సైజింగ్ పూత కూడా పాలిమర్ మెట్టులోనే పోతుంది. అది గ్లాస్ బరువులో ఒక శాతానికి కాస్త అటూఇటూ. కాబట్టి బూడిదలో కనిపించే గ్లాస్ నిజంగా కలిపినదానికన్నా రవ్వంత తక్కువే ఉంటుంది. 24.5ను 24.7 చేస్తుందేమో గానీ 30 చేయదు. ఒప్పందంలో రెండు శాతం వెసులుబాటు ఉందనుకున్నా ఈ మాలు దాని బయటే ఉంది.

సొంత యంత్రం లేనివాళ్లు బయటి ల్యాబులో ఈ పరీక్ష చేయించుకోవచ్చు. చర్లపల్లిలో, విజయవాడలో సిపెట్ కేంద్రాలున్నాయి. నమూనా ఇచ్చేటప్పుడు బూడిద శాతం కావాలని మాత్రమే రాస్తే అదొక్కటే ఇస్తారు. నైట్రోజన్‌లో 850 వరకు, ఆపైన గాలి, ఖాళీ పాన్ గీత తీసేసిన కర్వ్, డీటీజీతో సహా కావాలని రాసివ్వండి. బూడిద అంకె పక్కన అది ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఏ వాయువులో తీసిందో లేని రిపోర్టును, అది మీకు అనుకూలంగా ఉన్నా సరే, వెనక్కి పంపండి.